టు హూమ్‌సోఎవర్: ఆ ‘మ్’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

మా మేనకోడలు పైచదువులకి విదేశం వెళ్ళే ప్రయత్నంలో ఉంది. మొన్న ఆదివారం కాగితాలన్నీ హాల్లో పరుచుకుని ఒక్కొక్కటే ఫైల్లో పెడుతోంది. అన్నిటికంటే పైన కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్. దాని నెత్తిన, మన దేశంలో ఏ ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రం మీదైనా కనిపించే మాటే పెద్దక్షరాల్లో ఉంది: ‘టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్’.

“మావయ్యా, ఇక్కడ హూ అని కాకుండా హూమ్ అని ఎందుకుంది? ముందు ‘టు’ ఉంది కాబట్టేనా?” అని అడిగింది.

చాలామంది అవునంటారు. ప్రిపొజిషన్ తర్వాత హూమ్ రావాలని బళ్ళో నేర్పారు కదా మరి. కానీ ఇక్కడ ఆ ‘మ్’ని తెచ్చింది ‘టు’ కాదు, వాక్యం చివర కూర్చున్న ‘కన్సర్న్’. ఆ సంగతి ఒక్కటి తేటపడితే హూ, హూమ్‌ల గొడవలో ముప్పాతిక తీరిపోతుంది. అందుకే ఆ సర్టిఫికెట్ దగ్గరే కాసేపు ఆగుదాం.

ఆ నాలుగు మాటల వెనకున్న మామూలు వాక్యం ‘ఇట్ మే కన్సర్న్ హిమ్’. ఇది అతనికి సంబంధించిన విషయం కావచ్చు అని. అందులో ‘ఇట్’ కర్త, ‘హిమ్’ కర్మ. ఆ అతనెవరో మనకి తెలియదు కాబట్టి ‘హిమ్’ తీసేసి ‘హూమ్‌సోఎవర్’ పెట్టి, దాన్ని వాక్యం మొదటికి జరిపాం. చోటు మారింది గాని చేసే పని మారలేదు. అది ఇప్పటికీ ‘కన్సర్న్’ అనే క్రియకి కర్మే. ముందున్న ‘టు’ ఆ మొత్తం ముక్కకి, అంటే ‘ఇది ఎవరికి సంబంధిస్తుందో వారికి’ అన్న ముక్కంతటికీ తగులుతుంది, ఒక్క మాటకి కాదు.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ‘టు’ని అక్కడే ఉంచి వెనక క్రియని మార్చి చూడండి. పరీక్షలో మొదట వచ్చిన వారికి బహుమతి ఇస్తామని బడి నోటీసు బోర్డు మీద రాయాలి. ‘ద ప్రైజ్ విల్ బి గివెన్ టు హూమెవర్ స్టాండ్స్ ఫస్ట్’ అని రాసేవాళ్ళు చాలామంది, ‘టు’ పక్కన ఉంది కదా అని. కానీ ‘స్టాండ్స్ ఫస్ట్’ అన్న క్రియకి కర్త ఎవరు? మొదట వచ్చిన మనిషే. ‘హి స్టాండ్స్ ఫస్ట్’ అంటాం గాని ‘హిమ్ స్టాండ్స్ ఫస్ట్’ అనం. అందుకని అక్కడ ‘టు హూఎవర్ స్టాండ్స్ ఫస్ట్’ అనే ఉండాలి. రెండు చోట్లా ముందున్నది ‘టు’ ఒక్కటే. ఒకచోట ‘మ్’ వచ్చింది, ఇంకోచోట రాలేదు. పక్కనెవరున్నారన్నది కాదు, తన ముక్కలో తను ఏం పని చేస్తోందన్నదే సర్వనామం రూపాన్ని నిర్ణయిస్తుంది. నోటీసులు రాసేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ‘హూఎవర్’ అన్నది నాటుగా, ‘హూమెవర్’ అన్నది దర్జాగా వినిపించడం వల్ల, అనుమానం వచ్చినప్పుడల్లా చెయ్యి ‘మ్’ వైపుకే పోతుంది.

తెలుగు చదువుకున్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ‘డుమువులు ప్రథమా విభక్తి’ అని మొదలుపెట్టి ‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి’ అంటూ బళ్ళో వల్లెవేసినవాళ్ళమే. ఎవరు, ఎవరిని, ఎవరికి, ఎవరితో అని రోజూ నాలుగైదు రూపాలు తడుముకోకుండా వాడుతూ, ఇంగ్లీషులో ఉన్న రెండే రెండు రూపాల దగ్గర తడబడతాం. కారణం మనలో లేదు, ఆ భాష నడిచొచ్చిన దారిలో ఉంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషుకి కూడా మన లాగే విభక్తులుండేవి. ‘ఎవరు’ అనడానికి ‘హ్వా’, ‘ఎవరిని’ అనడానికి ‘హ్వోనె’, ‘ఎవరికి’ అనడానికి ‘హ్వామ్’ అనేవారు. నామవాచకాల చివర కూడా ప్రత్యయాలుండేవి. కాలక్రమంలో అవన్నీ అరిగిపోయాయి. ‘హ్వోనె’ అనే ‘ఎవరిని’ పూర్తిగా పోయి, ‘ఎవరికి’ అనే ‘హ్వామ్’ దాని పని కూడా నెత్తిన వేసుకుంది. అదే ఈనాటి హూమ్. ‘హిమ్’ కథా అదే, మొదట దానర్థం ‘అతనికి’ అని మాత్రమే. ‘అతన్ని’ అనడానికి వేరే మాట ఉండేది, అది పోయింది. ‘దెమ్’ స్కాండినేవియా వాళ్ళ భాషనుంచి వచ్చి చేరింది, అక్కడా అది ‘వారికి’ అన్న రూపమే. హిమ్, దెమ్, హూమ్ మూడింటి చివరా వినిపించే ‘మ్’ ఆ పాతకాలపు ‘కి’ మిగిల్చిన ఆనవాలు.

ఇది చరిత్ర కోసం చెప్పింది మాత్రమే కాదు. హూనా హూమా అని సందేహం వస్తే ఆ ప్రశ్నకి ‘హి’ అనో ‘హిమ్’ అనో జవాబు చెప్పి చూసుకోమంటారు. జవాబులో ‘మ్’ ఉంటే ప్రశ్నలోనూ ఉంటుంది. ‘డిడ్ యూ మీట్’ అన్నదానికి జవాబు ‘ఐ మెట్ హిమ్’, కాబట్టి ‘హూమ్ డిడ్ యూ మీట్’. ‘కేమ్’ అన్నదానికి జవాబు ‘హి కేమ్’, కాబట్టి ‘హూ కేమ్’. ఈ కిటుకు పని చేయడానికి కారణం ఆ మూడు మాటలూ ఒకే కాన్పు పిల్లలు కావడమే.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఎదురయ్యే ఒక గుంట ఉంది. దాని గురించి గ్రామర్ పుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు గాని, పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అందులో పడడం చాలాసార్లు చూశాను. ‘ఎవరు అయితే హూ, ఎవరిని, ఎవరికి అయితే హూమ్’ అని వాళ్ళంతట వాళ్ళే ఒక సూత్రం కట్టుకుంటారు. చాలాచోట్ల సరిపోతుంది కూడా. ‘ఎవరిని అడిగావు’ అంటే హూమ్, ‘ఎవరికి ఇచ్చావు’ అంటే టు హూమ్. కానీ ‘ఈ సంగతి ఎవరికి తెలుసు’ అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పమనండి. ‘హూమ్ నోస్ దిస్’ అని రాస్తారు. తప్పు, ‘హూ నోస్ దిస్’ అనాలి. మనకి తెలియడం, ఆకలి వేయడం, కావాలనిపించడం, జ్వరం రావడం అన్నీ ‘నాకు’ అనే జరుగుతాయి. ఇంగ్లీషువాడికి అవన్నీ ‘ఐ’ చేసే పనులే. మన ‘కి’ అక్కడ కర్తగా మారిపోతుంది.

తిరగేస్తే ఇంకా చిత్రం. ఎవరో తలుపు తడితే ‘ఎవరు కావాలండీ’ అంటాం. ‘ఎవరు’ అని శుభ్రంగా ప్రథమా విభక్తిలో ఉంది. కానీ అదే ఇంగ్లీషులో ‘హూమ్ డు యూ వాంట్’, ఎందుకంటే జవాబు ‘ఐ వాంట్ హిమ్’. ‘మీకు ఎవరు కావాలి’ అన్న ఒక్క వాక్యంలో మన ‘మీకు’ వాళ్ళ కర్త, మన ‘ఎవరు’ వాళ్ళ కర్మ. అంచేత తెలుగు విభక్తిని చూసి ఇంగ్లీషు రూపం నిర్ణయించకూడదు. ముందు ఇంగ్లీషులో జవాబు కట్టుకుని, అందులో హి ఉందా హిమ్ ఉందా అని చూడాలి.

మళ్ళీ మా మేనకోడలి ఫైలు దగ్గరికి వద్దాం. అందులో ఒక ప్రొఫెసర్ గారు ఇచ్చే సిఫారసు ఉత్తరం ముసాయిదా ఉంది. విషయాలు నువ్వే రాసి తీసుకురా, చూసి సంతకం పెడతానన్నారట. రెండో పేరాలో ఈ వాక్యం రాసుకుంది: ‘షి ఈజ్ ఎ స్టూడెంట్ హూమ్ ఐ బిలీవ్ విల్ డు వెల్ ఇన్ రీసెర్చ్’. పరిశోధనలో రాణిస్తుందని నేను నమ్ముతున్న విద్యార్థిని అని.

“నువ్వు హూమ్ ఎందుకు పెట్టావు?” అన్నాను.

“నేను నమ్ముతున్నాను అంటున్నాం కదా. ఎవర్ని నమ్ముతున్నాను? ఆ అమ్మాయిని. కర్మ అయింది కదా మావయ్యా!”

చూడ్డానికి తర్కం బాగానే ఉంది. చాలామంది జర్నలిస్టులు, సంపాదకులు కూడా ఇక్కడ జారిపడ్డవాళ్ళే. ‘ఐ బిలీవ్’ మీద వేలు పెట్టి మూసి మిగతాది చదవమన్నాను. ‘ఎ స్టూడెంట్ హూమ్ విల్ డు వెల్’. చదవగానే తనకే తెలిసిపోయింది. ‘విల్ డు వెల్’ అన్న క్రియకి కర్త లేకుండా పోయింది. ఆ కర్తే హూ కావాలి. ‘ఐ బిలీవ్’ అన్నది మధ్యలో దూర్చిన మాట. మనం మాట్లాడుతూ ‘నా ఉద్దేశంలో’ అని మధ్యలో అంటామే, అలాంటిది. తీసేస్తే వాక్యం నిలబడుతోందా లేదా అన్నదే పరీక్ష. నమ్ముతున్నది ఆ అమ్మాయిని కాదు, ఆ అమ్మాయి రాణిస్తుందన్న సంగతిని.

అంతటితో వదిలిపెట్టి ఉంటే సగమే చెప్పినట్టయ్యేది. ఆ వాక్యాన్నే కొంచెం మార్చి ‘ఎ స్టూడెంట్ హూమ్ ఐ బిలీవ్ టు బి సిన్సియర్’ అని రాయించాను. ఇక్కడ ‘ఐ బిలీవ్’ని మూస్తే ‘హూమ్ టు బి సిన్సియర్’ అని మిగులుతుంది, వాక్యం కూలిపోతుంది. అంటే ఈసారి ‘ఐ బిలీవ్’ మధ్యలో దూరిన మాట కాదు, అసలు క్రియే అది. విడదీసి చూస్తే ‘ఐ బిలీవ్ హర్ టు బి సిన్సియర్’. ‘హర్’ కర్మ రూపం కాబట్టి హూమ్ సరైనదే. రెండు వాక్యాల్లోనూ ‘ఐ బిలీవ్’ ఒకే చోట ఉంది. తర్వాత వచ్చింది ‘విల్ డు’ అయితే హూ, ‘టు బి’ అయితే హూమ్. ఒక్క సిఫారసు ఉత్తరంలో ఈ రెండూ పక్కపక్కనే వచ్చే అవకాశం చాలా ఉంది, అందుకే ఇంత సేపు దాని మీద కూర్చున్నాం.

ప్రిపొజిషన్ల తర్వాత మామూలు సర్వనామాలకి ఇంత చిక్కు లేదు. ‘టు’, ‘ఫర్’, ‘విత్’, ‘బిట్వీన్’ తర్వాత ఎప్పుడూ మీ, హిమ్, హర్, అస్, దెమ్. ఒక్కరే ఉన్నప్పుడు ఎవరూ తప్పు చేయరు, ‘గివ్ ఇట్ టు ఐ’ అని చిన్నపిల్లలు కూడా అనరు. ఇద్దరయ్యేసరికే చిక్కు. ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అన్నది ఎంత పాతదంటే షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఆంటోనియో తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలోనే ఉంది. ఈ కాలంలో అది నోట్లో పడడానికి ఒక కారణం బళ్ళే. పిల్లవాడు ‘మీ అండ్ రవి వెంట్’ అన్నప్పుడల్లా టీచరు ‘రవి అండ్ ఐ’ అని దిద్దుతుంది. దిద్దింది కర్త స్థానంలో. పిల్లవాడి మనసులో నాటుకున్నది మాత్రం ‘అండ్’ తర్వాత ‘ఐ’ అంటే మర్యాద, ‘మీ’ అంటే మొరటు అని. ఆ భయం పెద్దయ్యాక ఆఫీసు మెయిళ్ళలో బయటపడుతుంది: ‘ప్లీజ్ సెండ్ ఇట్ టు రమేష్ అండ్ ఐ’. ఇంకొందరు రెంటికీ భయపడి ‘టు రమేష్ అండ్ మైసెల్ఫ్’ అంటారు. అక్కడ కావలసింది మామూలు ‘మీ’. రమేష్‌ని కాసేపు పక్కకి తప్పించి చూస్తే చాలు, ‘సెండ్ ఇట్ టు ఐ’ అని ఎవరూ రాయరు. బిట్వీన్‌తో అలా ఒకరిని తప్పించడం కుదరదు, ఇద్దరుంటేనే ‘మధ్య’. అక్కడ ఇద్దరినీ కలిపి ఒక్క మాట చేయాలి: ‘బిట్వీన్ అస్’ అంటాం, ‘బిట్వీన్ వి’ అనం. కాబట్టి ‘బిట్వీన్ యూ అండ్ మీ’. తెలుగులో ‘నీకూ నాకూ మధ్య’ అని ఇద్దరికీ ‘కి’ తగిలిస్తాం, ఒకరికే తగిలించి రెండోవారిని వదిలేయం. ఈ ఒక్క చోట మాత్రం తెలుగుని నమ్ముకోవచ్చు.

పోలికల దగ్గర పరిస్థితి వేరు. ‘అతను నాకంటే పొడుగు’ అనడానికి ‘టాలర్ ద్యాన్ ఐ’ అనాలా, ‘టాలర్ ద్యాన్ మీ’ అనాలా? ఇది తప్పొప్పుల సంగతి కాదు, ‘ద్యాన్’ అన్నది ఏ జాతి మాట అన్న తగాదా. మనకి ‘కంటె’ విభక్తి ప్రత్యయం, ‘వలనన్, కంటెన్, పట్టి’ అని పంచమిలో చదువుకున్నాం. ఆ ప్రత్యయం ముందు ‘నేను’ నిలవదు, ‘నా’ అయిపోతుంది. ‘నేను కంటే’ అన్నవాళ్ళెవరూ లేరు. ఇంగ్లీషులో ‘ద్యాన్’ రెండు వాక్యాల్ని కలిపే మాటగా మొదలైంది. ‘హి ఈజ్ టాలర్ ద్యాన్ ఐ యామ్’ అన్నదాంట్లో చివరి క్రియ రాలిపోతే ‘ద్యాన్ ఐ’ మిగులుతుంది. కానీ క్రియ రాలిపోయి ఒక్క మాటే మిగిలాక, జనం చెవికి అది ‘విత్’, ‘ఫర్’ లాంటి ప్రిపొజిషన్ లాగే వినిపించింది. 1560లో వచ్చిన జెనీవా బైబిల్‌లోనే, సామెతల గ్రంథంలో, ‘ద్యాన్’ తర్వాత ‘దె’ బదులు ‘దెమ్’ కనిపిస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కూడా దాన్ని అలాగే ఉంచింది.

1762లో రాబర్ట్ లోత్ అనే మతాచార్యుడు ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి రాశాడు. బళ్ళలో చాలాకాలం చెలామణీ అయిన పుస్తకమది. లుప్తమైన క్రియని మనసులో పూరించుకుని దాన్నిబట్టి రూపం నిర్ణయించాలన్నాడు. ఆ లెక్కన ‘టాలర్ ద్యాన్ హి’నే సరి. కానీ మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’లో ‘ద్యాన్ హూమ్’ అని వాడాడు. లోత్ సూత్రం ప్రకారం అది ‘ద్యాన్ హూ’ కావాలి. అలా అంటే ఏ ఇంగ్లీషువాడి చెవీ ఒప్పుకోదు. లోత్ దాన్నొక మినహాయింపుగా ఒప్పుకుని ముందుకు వెళ్ళాడు. ఇప్పటి నిఘంటువులు ‘ద్యాన్’ని రెండు జాతుల్లోనూ చేర్చుకుంటాయి. మాట్లాడేటప్పుడు ‘ద్యాన్ మీ’, ‘ద్యాన్ హిమ్’ అనడమే లోకం తీరు. ‘టాలర్ ద్యాన్ హి’ అని ఊరికే అంటే ఎదుటివాడికి అది పుస్తకం చదివినట్టుంటుంది.

నా మటుకు నాకు లోత్ సూత్రం ఒక్కచోట మాత్రం వదులుకోలేనిది. ‘రవి లైక్స్ సీత మోర్ ద్యాన్ ఐ’ అంటే సీతంటే నాకున్న ఇష్టం కంటే రవికున్న ఇష్టం ఎక్కువని. ‘మోర్ ద్యాన్ మీ’ అంటే రవికి నామీదున్న ఇష్టం కంటే సీత మీదున్న ఇష్టం ఎక్కువని. ఒక్క చిన్న మాటతో కథంతా మారిపోయింది. పొడుగు, పొట్టి లాంటి పోలికల్లో అపార్థానికి చోటు లేదు, ఏది రాసినా ఒకటే అర్థం. క్రియకి కర్తా కర్మా రెండూ ఉన్న వాక్యంలో మాత్రం చోటుంది. అలాంటప్పుడు ఐ, మీల సూక్ష్మం మీద భారం వేయకుండా క్రియనే పూరించి రాయడం మేలు: ‘మోర్ ద్యాన్ ఐ డు’ లేదా ‘మోర్ ద్యాన్ హి లైక్స్ మీ’. పరీక్ష రాసేవాళ్ళకీ ఇదే చెబుతాను. ‘టాలర్ ద్యాన్ హి ఈజ్’ అని పూర్తిగా రాస్తే పాత పద్ధతి వాళ్ళూ కొత్త పద్ధతి వాళ్ళూ ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఇక హూమ్ ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న. 1921లో ఎడ్వర్డ్ సపీర్ అనే భాషాశాస్త్రవేత్త ‘లాంగ్వేజ్’ అనే పుస్తకంలో దీని గురించి పేజీలకొద్దీ రాశాడు. మరో రెండువందల ఏళ్ళలో ఎంత చదువుకున్న న్యాయవాది కూడా ‘హూమ్ డిడ్ యూ సీ’ అని అనడని జోస్యం చెప్పాడు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బలంగా తోస్తుంది. విభక్తులు పోయిన ఇంగ్లీషులో ఎవరు ఏం చేశారో చెప్పేది మాటల వరస. క్రియకి ముందుండేది కర్త, తర్వాతది కర్మ. మనం ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా, ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. ఇంగ్లీషులో వరస మారిస్తే చచ్చేవాడు మారిపోతాడు. ప్రశ్న అడిగే మాట మాత్రం, కర్మ అయినా సరే, వాక్యం మొదట్లో, కర్త ఉండాల్సిన చోట కూర్చోవాలి. ఆ చోట్లో కూర్చున్నది కర్మ రూపంలో ఉంటే మాట్లాడేవాడికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ‘హూ డిడ్ యూ సీ’ అన్నది నోటికి ముందొస్తుంది. సపీర్ ఇచ్చిన గడువులో ఇప్పటికి సగం గడిచింది. మాటల్లో ఆయన జోస్యం చాలామటుకు నిజమైంది. హూమ్ గట్టిగా నిలబడి ఉన్నది ఒక్కచోటే, ప్రిపొజిషన్‌కి వెన్ను ఆనించి. ‘టు హూ’, ‘విత్ హూ’ అని వాక్యం మొదలుపెడితే ఇప్పటికీ చదివేవాళ్ళు చటుక్కున ఆగుతారు. అదే ప్రిపొజిషన్‌ని చివరికి తోసేస్తే ఆ ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రమే మా మేనకోడలికి మార్కుల జాబితా ఎవరికి పంపాలో తెలియలేదు. విశ్వవిద్యాలయం ఆఫీసుకి ‘టు హూమ్ షుడ్ ఐ సెండ్ ద ట్రాన్‌స్క్రిప్ట్’ అని మెయిల్ పెట్టింది. కిందటేడు అక్కడే చేరిన స్నేహితురాలికి ఫోన్లో మెసేజ్ పెడుతూ ‘హూ డు ఐ సెండ్ ఇట్ టు’ అంది. ముందు జవాబు వచ్చింది స్నేహితురాలి దగ్గర్నుంచి.